ఐదు తూకాలకు నాలుగుతో భాగహారం ఎందుకు?

కందిపప్పు ప్యాకెట్లు నింపే యంత్రం ఒకటి ఉందనుకుందాం. ప్యాకెట్‌కు సగటున 500 గ్రాములు పడేలా దాన్ని అమర్చారు. ఒకదాంట్లో నాలుగు గింజలు ఎక్కువ పడతాయి, మరోదాంట్లో తక్కువ పడతాయి. ఈ హెచ్చుతగ్గులు ఏ పాటివో తేల్చడానికి ఐదు ప్యాకెట్లు తీసి తూచారు. 498, 503, 501, 497, 506 గ్రాములు వచ్చాయి. ఈ అంకెలను ఎక్సెల్‌కు ఇచ్చి VAR.P వాడితే 10.8 అంటుంది. VAR.S వాడితే 13.5 అంటుంది. తూకాలు మారలేదు గానీ జవాబు మాత్రం పావు వంతు పెరిగింది.

ఆ రెండూ లెక్కగట్టేది వేరియన్స్‌నే. ముందు సగటు తీయాలి. ఇక్కడది 501. ప్రతి తూకం సగటుకు ఎంత దూరంలో ఉందో చూస్తే -3, 2, 0, -4, 5 వస్తాయి. వాటి వర్గాలు 9, 4, 0, 16, 25. అన్నీ కలిపితే 54. ఇంతవరకూ పేచీ లేదు. ఆ 54ను VAR.P ఐదుతో భాగిస్తుంది, VAR.S నాలుగుతో భాగిస్తుంది. ఇంటర్మీడియట్ లెక్కల పుస్తకంలో ఎన్ని అంకెలుంటే అంతతోనే భాగించమని నేర్చుకున్నవారికి ఈ నాలుగు ఎక్కడి నుంచి వచ్చిందో అంతుపట్టదు.

చిక్కంతా భాగహారంలో లేదు, అంతకు ముందు మెట్టులో ఉంది. యంత్రం అసలు సగటు 500 కదా. మనం దూరాలు కొలిచింది మాత్రం 501 నుంచి. ఆ 501 ఈ ఐదు ప్యాకెట్ల నుంచే పుట్టిన సగటు. అవి కాస్త బరువుగా ఉంటే తానూ పైకి జరుగుతుంది, తేలిగ్గా ఉంటే కిందికి దిగుతుంది. ఏ ఐదు అంకెలు తీసుకున్నా, వాటికి మరే బిందువు కన్నా వాటి సొంత సగటే దగ్గరగా ఉంటుంది. దూరాల వర్గాల మొత్తం అక్కడే అన్నిటికన్నా తక్కువ.

పరీక్షించి చూడొచ్చు. అసలు సగటు 500 నుంచి కొలిస్తే దూరాలు -2, 3, 1, -3, 6 అవుతాయి. వర్గాలు 4, 9, 1, 9, 36. మొత్తం 59. సొంత సగటు నుంచి కొలిచినప్పుడు వచ్చింది 54. అంటే 5 తగ్గింది. ఈ తరుగు ఎంత ఉంటుందన్నదానికి ఒక కచ్చితమైన లెక్క ఉంది. శాంపిల్ సగటు అసలు సగటుకు ఎంత దూరం జరిగిందో దాని వర్గాన్ని, శాంపిల్‌లోని అంకెల సంఖ్యతో గుణిస్తే చాలు. ఇక్కడ ఒక గ్రాము జరిగింది. ఒకటి వర్గం ఒకటి, దాన్ని ఐదుతో గుణిస్తే ఐదు.

నిజ జీవితంలో అసలు సగటు తెలియదు కాబట్టి ఏ ఒక్క శాంపిల్‌లోనూ ఈ తరుగు ఎంతో చెప్పలేం. కానీ అలాంటి శాంపిళ్లు ఎన్నో తీస్తే సగటున ఎంత ఉంటుందో చెప్పగలం. ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఐదు ప్యాకెట్లు తీస్తే, వాటి సగటుకుండే వేరియన్స్ ఒక్కో ప్యాకెట్ వేరియన్స్‌లో ఐదో వంతు. తరుగు కోసం దాన్ని మళ్లీ ఐదుతో గుణిస్తాం. ఐదూ ఐదూ కొట్టుకుపోయి, సరిగ్గా ఒక వేరియన్స్ మిగులుతుంది. పది ప్యాకెట్లు తీసినా, వంద తీసినా సగటు తరుగు ఆ ఒక్కటే. అసలు సగటు నుంచి కొలిస్తే వర్గాల మొత్తంలో సగటున ఐదు వేరియన్స్‌లు ఉండాలి. సొంత సగటు నుంచి కొలవడంతో ఒకటి జారిపోయి నాలుగే మిగిలాయి. ఉన్నవి నాలుగైనప్పుడు భాగించాల్సింది కూడా నాలుగుతోనే.

నమ్మకం కుదరకపోతే కాగితం మీద మొత్తం లెక్క వేసుకోవచ్చు. మూడు చీటీల మీద 1, 4, 7 అని రాయండి. వాటి సగటు 4, అసలు వేరియన్స్ 6. ఒక చీటీ తీసి, చూసి, మళ్లీ వేసి, రెండోసారి తీయండి. ఇలా రావడానికి వీలున్న జతలు తొమ్మిదే. 1-1, 4-4, 7-7 వంటి మూడు జతల్లో వర్గాల మొత్తం సున్నా. 1-4, 4-1, 4-7, 7-4 అనే నాలుగింటిలో ఒక్కోదానికి 4.5. 1-7, 7-1 అనే రెండింటిలో ఒక్కోదానికి 18. అన్నీ కలిపితే 54, జతకు సగటున 6. శాంపిల్‌లో అంకెలు రెండు కదా అని రెండుతో భాగిస్తే 3 వస్తుంది, అంటే నిజంలో సగం. ఒకటి తగ్గించి ఒకటితో భాగిస్తే 6, అసలు వేరియన్స్ అచ్చంగా అదే.

ఇదే సంగతిని మరో వైపు నుంచీ చూడొచ్చు. సగటు నుంచి కొలిచిన దూరాలన్నీ కలిపితే ఎప్పుడూ సున్నాయే. -3, 2, 0, -4 అని నాలుగు చెబితే, ఐదోది 5 అని చూడకుండానే చెప్పొచ్చు. కొత్త సమాచారం ఇచ్చేవి నాలుగే. వీటినే డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ అంటారు. సగటు ఒక్కటే కాకుండా, గ్రాఫ్ మీది చుక్కలకు ఒక సరళరేఖ గీసినప్పుడు వాలునూ, ఎత్తునూ రెంటినీ డేటా నుంచే తీస్తాం కాబట్టి రెండు తీసేయాలి. డేటా నుంచి ఎన్ని విలువలు అంచనా వేస్తే అన్ని తగ్గించాలన్న ఈ సాధారణ సూత్రాన్ని జర్మన్ గణితవేత్త గౌస్ 1823లోనే ప్రచురించాడు. అయితే ఒకటి తగ్గించే పద్ధతికి మాత్రం నక్షత్రాల దూరం కొలిచిన ఖగోళ శాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ బెసెల్ పేరు స్థిరపడింది.

తర్వాత కూడా దీన్ని పెద్దగా పట్టించుకోనివారున్నారు. డబ్లిన్‌లోని గిన్నెస్ బీరు కంపెనీలో పనిచేసిన విలియం గాసెట్‌కు నాలుగైదు అంకెలతోనే నిర్ణయాలు తీసుకోవాల్సిన అవసరం పడేది. 1908లో ఆయన స్టూడెంట్ అనే మారుపేరుతో రాసిన ప్రసిద్ధ వ్యాసం కూడా పూర్తి సంఖ్యతో భాగించే పద్ధతిలోనే సాగింది. ఆ కాలపు సంఖ్యాశాస్త్ర దిగ్గజం కార్ల్ పియర్సన్ 1912లో ఆయనకు రాసిన ఉత్తరంలో, ఈ తేడా లెక్కకు వచ్చేంత చిన్న శాంపిళ్లు తీసేది కొంటె సారా తయారీదారులేనని వేళాకోళం చేశాడు. పెద్ద శాంపిళ్ల వరకు అది నిజమే. వెయ్యి అంకెలుంటే తేడా వెయ్యిలో ఒక వంతు. ఐదుంటే మాత్రం నాలుగో వంతు.

ఈ సవరణకు హద్దులూ ఉన్నాయి. ఇది సరిచేసేది చాలా శాంపిళ్ల మీది సగటును. ఒక్క శాంపిల్ జవాబు అసలుకు దగ్గరగా వస్తుందన్న హామీ లేదు. వేరియన్స్‌కు వర్గమూలం తీసి స్టాండర్డ్ డీవియేషన్ చెప్పినప్పుడు, సగటున అది మళ్లీ కాస్త తక్కువే పలుకుతుంది. ఇక యంత్రం వేడెక్కకముందు వరసగా వచ్చిన ఐదు ప్యాకెట్లనే తీస్తే, అవి ఒకదాన్ని ఒకటి పోలి ఉంటాయి. ఆ లోపాన్ని ఏ భాగహారమూ పూడ్చలేదు.

కంప్యూటర్ వాడేవారు ఇంకో చోట తడబడతారు. పైథాన్‌లోని రెండు లైబ్రరీలకు అవే ఐదు తూకాలు ఇస్తే జవాబులు వేరుగా వస్తాయి.

```
import numpy as np, pandas as pd
w = [498, 503, 501, 497, 506]
np.var(w)            # 10.8
np.var(w, ddof=1)    # 13.5
pd.Series(w).var()   # 13.5
```

ఏమీ చెప్పకపోతే నంపై పూర్తి సంఖ్యతో భాగిస్తుంది, పాండాస్ ఒకటి తగ్గిస్తుంది. ఒకే నివేదికలో రెండూ కలిస్తే అంకెలు పొంతన కుదరవు. కాబట్టి భాగించే ముందు ఒక్కటి తేల్చుకోండి. మీ తరగతిలోని నలభై మంది మార్కుల హెచ్చుతగ్గులే కావాలంటే అంకెలన్నీ మీ దగ్గరే ఉన్నాయి, నలభైతో భాగించండి. ఆ నలభై మందిని చూసి జిల్లా మొత్తం గురించి చెప్పాలనుకుంటే, వారిని జిల్లా అంతటి నుంచి యాదృచ్ఛికంగా ఎంచుకుని, ముప్పైతొమ్మిదితో భాగించండి.