ఆఫర్ ఒప్పుకున్నాక ఆగిన వెరిఫికేషన్

ఐటీ కంపెనీల్లో ఈ తనిఖీ ఎక్కువగా బయటి ఏజెన్సీ చేస్తుంది. హెచ్‌ఆర్‌కు ‘పెండింగ్’ అని మాత్రమే కనిపించవచ్చు. ‘నా ఉద్యోగం ఖాయమేనా?’ అంటే వాళ్లూ చెప్పలేరు. ‘ఏ అంశం ఆగింది?’ అని అడిగితే కనుక్కుని చెబుతారు.

హైదరాబాద్‌లో చేరబోయే ఒక టెస్టర్‌నే తీసుకోండి. ఆమె మొదట పనిచేసిన కంపెనీ మూతపడింది. ఏజెన్సీ మెయిళ్లకు బదులిచ్చేవారే లేరు. రోజూ ఫోన్ చేయడం కన్నా ఒక్క మెయిల్ నయం: “మేడమ్, నా మొదటి కంపెనీ మూతపడింది. బదులుగా ఫారం 16, పీఎఫ్ సర్వీస్ హిస్టరీ, జీతం జమైన బ్యాంక్ స్టేట్‌మెంట్ జతచేశాను. సరిపోతాయా? గురువారంలోగా తెలిపితే ప్రయాణం ఖరారు చేసుకుంటాను.”

పీఎఫ్ రికార్డులో చేరిన, మానేసిన తేదీలుంటాయి. రెజ్యూమెతో తేడా ఉంటే కారణం అదే మెయిల్‌లో రాయాలి. ఏజెన్సీ పట్టుకున్నాక చెబితే అనుమానం మిగులుతుంది.