బిల్లు అయింది, అమ్మకం కాలేదు
సేల్స్ బృందం మూడు నెలల సమీక్షను స్థితి, చిక్కు, పరిష్కారం అనే వరుసలో నడిపే పద్ధతి ఒకటుంది. మెకిన్సీ కన్సల్టెన్సీలో పనిచేసిన బార్బరా మింటో నివేదికల రచన గురించి చెప్పిన పాఠాలతో ఇది బాగా వ్యాపించింది. ఇందులో కష్టమంతా చిక్కును సరిగ్గా పట్టుకోవడంలోనే ఉంది.

వ్యవసాయ పంపుసెట్లు అమ్మే ఒక కంపెనీని ఊహించుకుందాం. జులై–సెప్టెంబరు టార్గెట్ 12 కోట్లు, డీలర్లకు వేసిన బిల్లులు 12.1 కోట్లు. ఇది స్థితి. గదిలో ఉన్నవాళ్లంతా మారుమాట లేకుండా ఒప్పుకునే లెక్కలే ఇక్కడ ఉండాలి. వర్షాలు పడలేదనో, పోటీ కంపెనీ ధర తగ్గించిందనో ఇక్కడే మొదలుపెడితే సమీక్ష వాదనగా మారి అక్కడే ఆగిపోతుంది.

బిల్లులు చూస్తే టార్గెట్ దాటినట్టే. కానీ బిల్లింగ్ ధరలోనే లెక్క కట్టినా, డీలర్లు రైతులకు అమ్మింది 9.1 కోట్ల సరుకే. జులై మొదట్లో వాళ్ల గోడౌన్లలో 4 కోట్ల సరుకు ఉంటే సెప్టెంబరు చివరికి అది 7 కోట్లయింది. ఇదే వేగంతో అమ్ముడుపోతే దాదాపు 70 రోజులకు సరిపోయే స్టాకు అది. బిల్లుల తేదీలు తిరగేస్తే కారణం బయటపడుతుంది: 5 కోట్ల బిల్లులు చివరి పది రోజుల్లో పడ్డవే. ఇన్సెంటివ్ బిల్లింగ్ మీద లెక్కగట్టినంత కాలం నెలాఖరున సరుకు డీలరు మీదికి తోయడం ఆగదు. చిక్కు అంటే ఇదీ. వసూళ్ల జాప్యం, డీలర్ల అలక దీని నుంచి పుట్టినవే కాబట్టి వాటిని వేర్వేరు సమస్యలుగా పేర్చకూడదు.

పరిష్కారం ఆ కారణానికే తగలాలి. ‘డీలర్లతో సంబంధాలు మెరుగుపరుస్తాం’ అన్న మాట దేన్నీ తాకదు. వచ్చే మూడు నెలల్లోనూ రైతులకు 9 కోట్లు అమ్ముడుపోతుందనుకుంటే, స్టాకు 5 కోట్లకు దిగాలంటే బిల్లింగ్ 7 కోట్లకు మించకూడదు. ఇన్సెంటివ్‌ను డీలరు అమ్మకానికి ముడిపెట్టాలి; ప్రతి డీలరు దగ్గరా స్టాకు లెక్క ఏ తేదీకల్లా ఎవరు తేవాలో పేరుతో సహా రాయాలి. బిల్లింగ్ 12 నుంచి 7కు పడిపోతుందన్న చేదు మాట కూడా అక్కడే చెప్పాలి. దాన్ని దాచి ఆమోదం తీసుకుంటే తర్వాతి సమీక్షలో ఆ పతనమే కొత్త సమస్యగా కనిపిస్తుంది.

నిజంగా చిక్కేమీ లేని త్రైమాసికానికి ఈ చట్రం అక్కర్లేదు, లెక్కల పట్టిక చాలు. పై అధికారికి పది నిమిషాలే తీరిక ఉంటే వరుస తిప్పవచ్చు: ముందు 7 కోట్ల ప్రతిపాదన, ఆ వెంటనే గోడౌన్లలోని 7 కోట్ల సరుకు, మిగతా లెక్కలు అడిగినప్పుడు.