ఓనరు గారూ, ముందొక మాట చెప్పి రండి

అద్దెకు దిగే రోజు తంతు అందరికీ తెలిసిందే. అడ్వాన్స్ చేతులు మారుతుంది, స్టాంపు కాగితం మీద సంతకాలవుతాయి, కరెంటు మీటరు రీడింగ్ రాసుకుంటారు. చివర్లో ఓనరు గారు ఒక తాళం చెవి ఇచ్చి, రెండోది తన దగ్గరే ఉంచుకుంటారు. "ఎప్పుడైనా అవసరం పడొచ్చు" అంటారు. పాలు పొంగించే హడావుడిలో ఆ రెండో చెవి సంగతి ఎవరూ అడగరు. తర్వాత వచ్చే పేచీల్లో చాలావాటికి మూలం మాత్రం అదే.

కూకట్‌పల్లిలో ఒక మూడంతస్తుల ఇల్లు ఊహించుకుందాం. పైన ఓనర్లు ఉంటారు, మొదటి అంతస్తులో భార్యాభర్తలు అద్దెకుంటున్నారు. ఆయనది రాత్రి షిఫ్టు, ఆమెది పగటి ఉద్యోగం. పై ట్యాంకుకు నీళ్లెక్కే పైపు వాల్వు వీళ్ల వంటింటి వెనక బాల్కనీలో ఉంది. మొదటి నెల వాల్వు తిప్పడానికి ఓనరు గారు బెల్లు కొట్టి వచ్చేవారు. రెండో నెల తలుపు తట్టి, జవాబు వచ్చేలోపే తాళం తీసేవారు. మూడో నెలకు తట్టడం కూడా మానేశారు. వాల్వు కోసం వచ్చి, హాల్లో కొత్తగా కొట్టిన మేకు ఏమిటని అడగడం, ఫ్రిజ్ ఆ గోడకెందుకు పెట్టారనడం మొదలైంది. వీళ్లు ఊరెళ్లి వచ్చిన రోజు బాల్కనీ గడియ వేరే రకంగా వేసి ఉంది. ఎవరో వచ్చి వెళ్లారన్నమాట.

ఇక్కడ ఓనరు దుర్మార్గుడేమీ కాదు. ఉద్యోగంలో కూడబెట్టిందంతా పోసి కట్టించిన ఇల్లు, గోడలో మేకు దిగితే తన ఒంట్లో దిగినట్టే ఉంటుంది. పైగా వాల్వు అవసరం నిజమైనది. కాబట్టి అద్దెదారు ఫిర్యాదు "రావద్దు" అన్నట్టుగా ఉంటే నిలబడదు. చెప్పాల్సింది "చెప్పకుండా రావద్దు" అని. ఈ రెండింటికీ మధ్య ఉన్న తేడాను 140 ఏళ్ల కిందటి చట్టమే గుర్తించింది.

అది 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం. అందులోని 108వ సెక్షన్ ఇరుపక్షాల హక్కులూ బాధ్యతలూ చెబుతుంది. అద్దె సరిగ్గా కడుతూ, ఒప్పుకున్న షరతులు పాటిస్తున్నంత కాలం అద్దెదారు ఆ ఇంటిని అంతరాయం లేకుండా అనుభవించవచ్చన్నది అందులో ఒక మాట. యాజమాన్యం ఓనరుదే అయినా, అద్దె కాలంలో స్వాధీనం అద్దెదారుది. అదే సెక్షన్‌లో ఇంకో మాట కూడా ఉంది. ఇంటి స్థితి ఎలా ఉందో చూసుకోవడానికి ఓనరునూ, ఆయన పంపిన మనుషులనూ సమంజసమైన వేళల్లో లోపలికి రానివ్వడం అద్దెదారు బాధ్యత. అంటే ఓనరుకు వచ్చే హక్కుంది, కానీ ఎప్పుడు పడితే అప్పుడు కాదు. ఒప్పందంలో వేరేగా రాసుకుంటే మాత్రం ఆ రాతదే పైచేయి, అందుకే సంతకం పెట్టే ముందు "ఎప్పుడైనా తనిఖీ చేయవచ్చు" అనే వాక్యం ఉందేమో చూసుకోవాలి.

సమంజసమైన వేళ అంటే ఎన్ని గంటలకో ఆ చట్టం చెప్పలేదు. చిక్కంతా అక్కడే ఉంది. రిటైరైన ఓనరుకు ఉదయం పదకొండు చక్కటి వేళ. రాత్రి షిఫ్టు చేసి ఏడింటికి పడుకున్న మనిషికి అది అర్ధరాత్రితో సమానం.

ఈ ఖాళీని పూడ్చే ప్రయత్నం 2021లో జరిగింది. ఆ ఏడాది జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం ప్రకారం, రిపేర్లకో తనిఖీకో లోపలికి రావాలంటే ఓనరు కనీసం 24 గంటల ముందు తెలియజేయాలి. ఆ కబురు కాగితం మీదైనా ఫోన్ మెసేజ్‌గానైనా ఉండొచ్చు. ఎందుకొస్తున్నారో, ఏ రోజు ఏ వేళకొస్తున్నారో అందులో ఉండాలి. సూర్యోదయానికి ముందు, సూర్యాస్తమయం తర్వాత రాకూడదు. అగ్నిప్రమాదం, వరద, తుపాను, భూకంపం వంటి ఆపదల్లో మాత్రం ముందస్తు కబురు అక్కర్లేదు. అయితే ఇది పేరుకు తగ్గట్టే నమూనా, రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే అమలవుతుంది. ఆంధ్రప్రదేశ్ అద్దెల మీద 2017లోనే కొత్త చట్టం చేసుకుంది. తెలంగాణలో ఇంకా 1960 నాటి అద్దె నియంత్రణ చట్టమే ఉంది. అదీ నగరపాలక సంస్థల పరిధిలో నెల అద్దె 3,500 రూపాయలు దాటిన ఇళ్లకు వర్తించదు. ఆ మొత్తానికి నేడు కూకట్‌పల్లిలో ఒక గది దొరకడమూ కష్టమే. కనుక మన భార్యాభర్తలకు మిగిలినవి 1882 చట్టం, చేతిలోని అగ్రిమెంటు, ఓనరుతో ఉన్న మంచీచెడ్డా.

అలాంటప్పుడు వేళ ఏదో అద్దెదారే ముందుగా ప్రతిపాదించడం తెలివైన పని. చట్టం ఖాళీగా వదిలిన గడిని ఇద్దరూ కలిసి నింపుకోవడం అది. మన దంపతులు వాట్సాప్‌లో ఇలా రాశారనుకుందాం:

"అంకుల్ గారికి నమస్కారం. నీళ్ల విషయంలో మీరు చూపే శ్రద్ధ వల్ల మాకు ఇంతవరకు ఏ ఇబ్బందీ రాలేదు. ఒక్క సంగతి మీతో చెప్పుకోవాలనిపించింది. మొన్న మంగళవారం పదకొండు గంటలకు మీరు తాళం తీసుకుని లోపలికి వచ్చారు. నేను రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకుని ఉన్నాను. శనివారం మేం ఊళ్లో లేనప్పుడు కూడా ఎవరో లోపలికి వచ్చినట్టున్నారు. ముందుగా తెలియకపోతే మాకు కొంచెం ఇబ్బందిగా ఉంటోంది. ఇకపై ఇలా చేద్దామా? వాల్వు కోసం రోజూ సాయంత్రం ఆరు, ఆరున్నర మధ్య బెల్లు కొట్టండి, మేమే తలుపు తీస్తాం. ఇల్లు చూసుకోవడానికి ప్రతి నెలా మొదటి ఆదివారం పది నుంచి పన్నెండు లోపు రండి. రిపేరుకు మనుషులను తెచ్చేటప్పుడు ముందు రోజు ఒక మెసేజ్ పెట్టండి చాలు. పైపు పగిలినా, గ్యాసు వాసన వచ్చినా, పొగ కనిపించినా మాత్రం ఆగకండి, లోపలికెళ్లి వెంటనే మాకు ఫోన్ చేయండి. ఈ వేళలు మీకు కుదరకపోతే కుదిరేవి చెప్పండి, మార్చుకుందాం."

ఇందులో చట్టం పేరు లేదు, లేకపోవడమే మంచిది. రెండు సంఘటనలు రోజుతో సహా ఉన్నాయి. "మీరు ఎప్పుడూ ఇంతే" అని రాసి ఉంటే ఓనరు గారు "ఎప్పుడొచ్చానో చెప్పండి" అని ఎదురు తిరిగేవారు, సంభాషణ అక్కడే ఆగిపోయేది. శనివారం సంగతి రాసిన తీరు కూడా గమనించాలి. చూడలేదు గనుక "మీరొచ్చారు" అనలేదు, "ఎవరో వచ్చినట్టున్నారు" అని ఊరుకున్నారు. రోజూ పడే పనికి, నెలకోసారి చేసే తనిఖీకి, ఎప్పుడో వచ్చే రిపేరుకు వేరువేరు ఏర్పాట్లు అడిగారు. అన్నిటికీ కలిపి "24 గంటల ముందు చెప్పండి" అని ఉంటే వాల్వు దగ్గరే అది విఫలమయ్యేది. రోజూ తిప్పే వాల్వుకు రోజూ నోటీసు ఎవరిస్తారు?

ఆపద వాక్యం వదిలేయకూడదు. రెండో తాళం చెవి ఎందుకు అవసరమని ఓనరు చెప్పే మొదటి కారణం అదే. దాన్ని ముందే ఒప్పేసుకుంటే మిగతా సందర్భాల్లో ఆ చెవి వాడాల్సిన పని ఉండదు.

జవాబు ఎలా వస్తుందన్నది ఓనరును బట్టి ఉంటుంది. "నా ఇంట్లోకి నేను రావడానికి అపాయింట్‌మెంటా?" అని ఆయన నొచ్చుకోవచ్చు. అప్పుడు వాదనకు దిగకుండా, ఆయనకే ఏ వేళ అనుకూలమో అడిగితే మాట మళ్లీ గడియారం మీదకు వస్తుంది. మెట్ల మీద ఎదురైనప్పుడు "సరేలేమ్మా, చూద్దాం" అనేసి వెళ్లిపోవడం ఇంకా మామూలు. ఆ సాయంత్రమే "మీరు ఒప్పుకున్నందుకు సంతోషం అంకుల్, ఆదివారం కలుద్దాం" అని ఒక మెసేజ్ పెడితే నోటి మాటకు తేదీ పడుతుంది. ఆయన బొటనవేలి గుర్తు పెట్టినా చాలు, అది ఉపయోగపడే రాతే.

అప్పటికీ చెప్పకుండా రావడం ఆగకపోతే? తాళం మార్చేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. అడగకుండా మారిస్తే కొత్త గొడవ మొదలవుతుంది. మార్చక తప్పకపోతే ముందుగా చెప్పి, పాత తాళం భద్రంగా ఉంచి, ఖాళీ చేసే రోజు మళ్లీ బిగించి ఇవ్వడం పద్ధతి. పోలీసుల మాట మొదటి ఉత్తరంలో ఎత్తడం దండగ. సొంత ఇల్లే అయినా ఇతరుల స్వాధీనంలో ఉన్నప్పుడు అక్రమ ప్రవేశం నేరం కావచ్చు. కానీ భారతీయ న్యాయ సంహిత 329వ సెక్షన్ ప్రకారం నేరం చేయాలనో, బెదిరించాలనో, అవమానించాలనో, వేధించాలనో ఉద్దేశం ఉండాలి. వాల్వు తిప్పడానికొచ్చిన పెద్దాయన మీద అది నిలబడటం కష్టం. ఒంటరిగా ఉండే అమ్మాయి గదిలోకి పదేపదే వేళకాని వేళ వచ్చే మనిషి సంగతి వేరు. అక్కడ మర్యాద ఉత్తరంతో కాలయాపన చేయకూడదు.

అద్దెదారు బలహీనత కూడా లెక్కలోకి తీసుకోవాలి. అగ్రిమెంటులో గడువు రాసుకోకుండా నెలవారీగా ఉంటున్న ఇంటిని, 15 రోజుల నోటీసుతో ఖాళీ చేయమనే వీలు అదే 1882 చట్టం ఓనరుకిస్తుంది. హక్కు గెలిచి ఇల్లు పోగొట్టుకోవడం ఎవరికీ అక్కర్లేదు. మెసేజ్ మెత్తగా ఉండటానికి సంస్కారంతో పాటు ఇదీ ఒక కారణం.

విదేశాల్లో పిల్లలున్న ఇళ్లలోనూ ఈ ప్రశ్న వినిపిస్తుంది. ఇంగ్లండ్‌లో మరమ్మతుల పరిశీలనకు వచ్చే ఓనరు 24 గంటల ముందు రాతపూర్వకంగా చెప్పాలి. కాలిఫోర్నియాలోనూ సాధారణంగా అంతే. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే డల్లాస్‌కు వెళ్తే కథ మారుతుంది. టెక్సస్‌లో దీనికంటూ ప్రత్యేక చట్టం లేదు, లీజులో ఏం రాసుకున్నారన్నదే చూస్తారు.

మన దగ్గర పదకొండు నెలలకోసారి అగ్రిమెంటు తిరగరాయడం ఆనవాయితీ. వాట్సాప్‌లో కుదిరిన వేళలను కాగితం మీదకు ఎక్కించడానికి అదే అదను. ఆ కాగితంలో ఇంకో సందర్భం కూడా చేర్చుకోవాలి, చాలామంది మరిచిపోయేది. ఖాళీ చేస్తామని చెప్పిన నెలలో టు-లెట్ బోర్డు చూసి వచ్చేవాళ్లను ఓనరు వెంటబెట్టుకొస్తారు. రోజుకు ముగ్గురు నలుగురు, ఒక్కోసారి భోజనాల వేళకు. 108వ సెక్షన్ ఇంటి స్థితి చూసుకోవడం గురించే చెబుతుంది, కొత్తవాళ్లకు చూపించడం ఊసు అందులో లేదు. అందుకని దాన్ని విడిగా రాసుకోవాలి: "నోటీసు నెలలో బుధ, శనివారాల్లో సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర వరకు, ఆదివారం పది నుంచి పన్నెండు వరకు, అద్దెదారు ఇంట్లో ఉన్నప్పుడు మాత్రమే ఇల్లు చూపించాలి." ఎదురుగా పిలవని ఆ నెలలో ఓనరు ఖాళీ ఇల్లు మిగలకూడదనీ, అద్దెదారు అడ్వాన్స్ పూర్తిగా తిరిగి రావాలనీ కోరుకుంటారు కాబట్టి, ఈ వాక్యానికి ఇద్దరూ ఒప్పుకోవడం అంత కష్టం కాదు.