వరదకు రిసార్ట్ మూతపడితే అతిథులకు ఏమని రాయాలి?

కోనసీమలో గోదావరి పాయల ఒడ్డున ఉన్న రిసార్ట్‌లు వరదలొచ్చినప్పుడు కొన్ని రోజులు మూసేయక తప్పదు. అప్పటికే గదులు బుక్ చేసుకున్నవారికి పంపే సందేశం ఎంత మర్యాదగా రాసినా, వాళ్లు రైలెక్కాక చేరితే దానివల్ల ఒరిగేదేమీ లేదు. హైదరాబాద్ నుంచి వచ్చే కుటుంబాలు ఎక్కువగా రాత్రి రైళ్లు, బస్సుల్లో బయలుదేరతాయి. కాబట్టి మరుసటి రోజు దిగాల్సిన అతిథికి కబురు ముందురోజు మధ్యాహ్నానికల్లా అందాలి.

ఆ వ్యవధి గోదావరి ఇస్తుంది. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండోది, 53 అడుగులకు మూడోది జారీ చేస్తారు. అక్కడి నీరు ధవళేశ్వరం బ్యారేజీకి చేరడానికి సుమారు ఒక రోజు పడుతుంది. బ్యారేజీ దిగువన నది గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలి లంకలను చుట్టుకుంటూ సముద్రానికి పోతుంది. 2022 జూలైలో భద్రాచలం వద్ద 71 అడుగులు దాటినప్పుడు ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా కిందికి వచ్చి లంక గ్రామాలు నీట మునిగాయి. అంత పెద్ద వరద అరుదే. కానీ రిసార్ట్ మూతపడడానికి గదుల్లోకి నీరు రానక్కర్లేదు. దారిలోని కాజ్‌వే మునిగినా, కరెంటు తీసేసినా, అధికారులు ఖాళీ చేయమన్నా చాలు. అందుకే అనుభవమున్న మేనేజరు ముంగిట్లోకి నీరు వచ్చేదాకా ఆగడు. భద్రాచలంలో రెండో హెచ్చరిక దాటి నీరు ఇంకా పెరుగుతోందంటే సందేశం సిద్ధం చేసుకుంటాడు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. జూలై 17 ఉదయం యాజమాన్యం నాలుగు రోజులు మూసేయాలని నిర్ణయించింది. 19న దిగాల్సిన ఒక కుటుంబం రెండు గదులకు 6,000 రూపాయలు అడ్వాన్స్ కట్టింది. వాళ్లకు వెళ్లాల్సిన సందేశం ఇలా ఉండవచ్చు:

“నమస్కారమండీ. గోదావరి వరద వల్ల మా రిసార్ట్‌ను జూలై 18 నుంచి 21 వరకు మూసేస్తున్నాం. 19న మీరు బుక్ చేసుకున్న రెండు గదులు ఇవ్వలేకపోతున్నాం. దయచేసి బయలుదేరకండి. మీ అడ్వాన్స్ 6,000 రూపాయలు పూర్తిగా వెనక్కి పంపుతాం, లేదా మీకు వీలైన మరో తేదీకి మారుస్తాం. ‘డబ్బు’ అనో ‘తేదీ’ అనో జవాబివ్వండి. 21 సాయంత్రంలోగా జవాబు రాకపోతే డబ్బే పంపేస్తాం. బుకింగ్‌ను మీరు రద్దు చేయనక్కర్లేదు. ఎప్పుడు తెరిచేదీ 21 సాయంత్రం 5 గంటలకు తెలియజేస్తాం. డబ్బు పంపడానికి మేం పిన్, ఓటీపీ అడగం.”

ఇందులో విచారం వ్యక్తం చేసే వాక్యం ఒక్కటీ లేదు. కావాలంటే చివర చేర్చవచ్చు. చాలా సందేశాలు దానితోనే మొదలై, ప్రకృతి వైపరీత్యం మీద రెండు పేరాలు నడిచి, అసలు సంగతిని ఆఖర్న చెబుతాయి. ఫోన్ తెరమీద మొదట కనిపించేది రెండు వాక్యాలే. మూసేశాం, రావద్దు అన్నవి ఆ రెండింటిలోనే ఉంటే మంచిది. “పరిస్థితిని బట్టి నిర్ణయించుకోగలరు” లాంటి మాట రాస్తే అతిథికి తోచేది ఒక్కటే, ఫోన్ చేసి అడగడం. అరవై బుకింగులుంటే అరవై ఫోన్లు వస్తాయి, ఎత్తేవాళ్లేమో ఇసుక బస్తాలు వేయిస్తుంటారు.

‘మీరు రద్దు చేయనక్కర్లేదు’ అన్న వాక్యానికి పెద్ద కారణమే ఉంది. ప్రయాణాల వెబ్‌సైట్లు, యాప్‌ల ద్వారా బుక్ చేసుకున్నవారు కంగారులో తామే రద్దు నొక్కేస్తే, అది అతిథి కోరి చేసుకున్న రద్దుగా నమోదై, నిబంధనల ప్రకారం కొంత డబ్బు కోతపడవచ్చు. రిసార్టే తన లాగిన్ నుంచి, మూసివేత కారణం చూపి రద్దు చేయిస్తే ఆ చిక్కు రాదు. డబ్బు యాప్ దగ్గరే ఉన్న బుకింగ్‌కు రిఫండ్ కూడా అక్కడి నుంచే వెళ్లాలి. ఆ సంగతి వాళ్ల సందేశంలో వేరుగా రాయాలి.

అడ్వాన్స్ వెనక్కివ్వడం రిసార్ట్ దయాదాక్షిణ్యం కాదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 56వ సెక్షన్ ప్రకారం, ఒప్పందం కుదిరాక జరపడం అసాధ్యమైతే ఆ ఒప్పందం చెల్లకుండా పోతుంది. 65వ సెక్షన్ ప్రకారం అప్పటికి పుచ్చుకున్నది తిరిగి ఇవ్వాలి. అందువల్ల, తేదీ మార్చుకోవడమే దారి అన్నట్టు రాయడం సరికాదు. అయితే రిసార్ట్ తెరిచే ఉండి, దారీ బాగుండి, టీవీలో వరద చూసి భయపడి అతిథి మానుకుంటే లెక్క వేరు. అప్పుడు మామూలు రద్దు నిబంధనలే వర్తిస్తాయి.

సందేశం చేరే దారిలోనూ ఆటంకాలుంటాయి. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ జాబితాలో పెట్టి పంపితే, రిసార్ట్ నంబరును తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. ఒక్కసారి వచ్చిపోయే అతిథుల్లో ఆ పని చేసేవాళ్లు తక్కువ. ఎవరికి చేరలేదో మేనేజరుకు వెంటనే తెలియదు. టిక్కు ఒకటే పడి ఆగిపోయిన నంబర్లు చూసుకుంటే బయటపడుతుంది. ఇక సంస్థల పేరున వెళ్లే ఎస్సెమ్మెస్‌కు ట్రాయ్ నిబంధనల ప్రకారం మూస ముందే నమోదై ఉండాలి. వరద రోజున కొత్తది రాసి పంపడం కుదరదు కాబట్టి తేదీల చోటు ఖాళీగా ఉంచి, జూన్‌లోనే నమోదు చేయించుకోవాలి. తెలుగులో ఒక ఎస్సెమ్మెస్‌కు 70 అక్షరాలే పడతాయి, గుణింతం గుర్తులు, పొల్లులు కూడా విడివిడిగా లెక్కకొస్తాయి. “వరద వల్ల రిసార్ట్ 18 నుంచి 21 వరకు మూత. బయలుదేరకండి. ఫోన్ చేస్తాం.” అన్నది అందులో ఇముడుతుంది. మొదటి రెండు రోజుల్లో దిగాల్సినవారికి సందేశంతో సరిపెట్టకుండా ఫోన్ చేసి, వాళ్ల నోట “సరే” అనిపించుకోవాలి. అప్పటికే గదుల్లో ఉన్నవారి సంగతి సందేశాలతో తేలేది కాదు. వాళ్లను నీరు దారికెక్కక ముందే పంపించాలి.

రిఫండ్ అనే మాట వినగానే మోసగాళ్లు వాలిపోతారు. రిసార్ట్ పేరు చెప్పి ఫోన్ చేసి, డబ్బు పంపుతామంటూ యూపీఐ పిన్ కొట్టమంటారు. డబ్బు అందుకోవడానికి పిన్ ఎప్పుడూ అవసరం లేదు. సందేశంలోని ఆఖరి వాక్యం అందుకే.

ఎప్పుడు తెరుస్తారన్నది అన్నిటికంటే తొందరపడి రాసే విషయం. హెచ్చరిక ఉపసంహరించారు గదా, ఎల్లుండి తెరుస్తామని రాసేస్తారు. సముద్రానికి దగ్గరి పాయల్లో సముద్రపు పోటు సమయంలో వరద నెమ్మదిగా లాగుతుంది. నీరు తీశాక ఒండ్రుమట్టి ఎత్తిపోయాలి, మురికి కలిసిన బావులు, ట్యాంకులు కడిగి క్లోరిన్ వేయాలి, తడిసిన వైరింగ్‌ను ఎలక్ట్రీషియన్ పరీక్షించాలి, మూలల్లో దూరిన పాముల్ని వెతకాలి. అందుకే పై సందేశం తెరిచే తేదీ చెప్పలేదు, మళ్లీ కబురు చెప్పే గంట మాత్రమే చెప్పింది. 21న కొత్త సంగతి లేకపోయినా, ఇంకా తేలలేదని అదే గంటకు రాయాలి. 22, 23 తేదీల్లో దిగాల్సినవారికి కూడా మొదటి రోజే ఒక ముక్క వెళ్లాలి, వాళ్ల బుకింగ్ నిలుస్తుందో లేదో 21 సాయంత్రం తెలుస్తుందని.

తెరిచే సందేశంలో గదుల గురించీ పడవల గురించీ వేర్వేరుగా చెప్పాలి. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర జరిగిన పడవ ప్రమాదం తర్వాత గోదావరిలో విహార పడవల మీద ఆంక్షలు కట్టుదిట్టమయ్యాయి. గదులు సిద్ధమైనా ప్రవాహం తగ్గి అధికారులు అనుమతించే వరకు పడవ కదలదు. కేవలం పడవ షికారు కోసమే వచ్చే అతిథి ఆ ముక్క ముందే చదివితే తేదీ మార్చుకుంటాడు.