తప్పు పట్టకుండా మళ్లీ అడగడం

యూపీఐలో డబ్బు ఖాతాలోంచి పోయింది, దుకాణదారుకు చేరలేదు. పెద్దాయన బ్యాంకు హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి ఒక నంబర్ చదివారు. అది యాప్ సొంత ఐడీ. ఫిర్యాదును వెతకడానికి కావలసింది 12 అంకెల యూపీఐ రిఫరెన్స్ నంబర్.

"మీరు తప్పు నంబర్ ఇచ్చారు, సరిగ్గా చూశారా?" అంటే ఆయన సమాధానం వెతకడం మానేసి సంజాయిషీ మొదలుపెడతారు. కొందరైతే "చూశానమ్మా" అని మళ్లీ అదే చదువుతారు. అదే ప్రశ్న ఇలా అడగొచ్చు: "థాంక్సండీ, లావాదేవీ వివరాల్లో ఇలాంటి నంబర్లు రెండు మూడు ఉంటాయి. బ్యాంకు రికార్డులో వెతకడానికి 12 అంకెలది కావాలి. అది కనిపిస్తే చదువుతారా?"

ఇక్కడ తికమక తెర మీదికి వెళ్లింది, మనిషి మీద లేదు. ఎందుకు అడుగుతున్నామో తెలిసింది. ఏం చూడాలో గుర్తు దొరికింది. నా దృష్టిలో ఈ గుర్తే ముఖ్యం. అది లేకపోతే ఎంత మర్యాదగా అడిగినా ఆయన మళ్లీ తడబడతారు, రెండోసారి ఇంకా నొచ్చుకుంటారు.

తేదీ, మొత్తం కూడా కావాలంటే ఈ జవాబు వచ్చాకే అడగాలి. పిన్, ఓటీపీ మాత్రం ఎంత మెత్తగానైనా అడగకూడదు.