ఆడిటర్ అడిగిన ఆ 92,280 రూపాయలు

అపార్టుమెంటు సంఘాల లెక్కలు చూసే ఆడిటర్లను ఎక్కువగా నిలదీసేది పెద్ద మొత్తం కాదు, ఆ మొత్తం వెళ్లిన చోటు. లిఫ్టు కంపెనీకి మూడు లక్షలు వెళ్తే ఒప్పందం చూసి ముందుకు సాగిపోతారు. సంఘం ఖాతా నుంచి సెక్రటరీ సొంత ఖాతాలోకి డబ్బు వెళ్తే మాత్రం అక్కడ ఆగిపోతారు. చాలాసార్లు దాని వెనక తప్పేమీ ఉండదు. కానీ తప్పు లేదని ఎవరో ఒకరు కాగితం మీద చూపించాలి. ఆ ‘ఎవరో’ చాలాసార్లు ఆ రోజు అక్కడ లేని మనిషి, కొత్తగా వచ్చిన సెక్రటరీ.

అపార్టుమెంట్లలో తరచూ జరిగే సంగతులను ఒకచోట చేర్చి ఒక ఉదాహరణ చెబుతాను. హైదరాబాద్‌లో నలభై ఫ్లాట్ల అపార్టుమెంటు. 2024–25 లెక్కలు చూస్తున్న ఆడిటర్ 2025 జూన్ 9న ప్రశ్నల జాబితా పంపారు. ఏడో ప్రశ్న ఇది: ‘27–5–2024న రూ.92,280 చెక్కు అప్పటి సెక్రటరీ వ్యక్తిగత ఖాతాకు జమ అయింది. పుస్తకంలో రిపేర్లు అని రాశారు. ఓచర్ తప్ప ఆధారం లేదు. వివరణ ఇవ్వండి.’

ఇలాంటి ప్రశ్న రాగానే చాలామంది చేసే పని రెండు వాక్యాల జవాబు రాసి పంపడం. ‘అది బోరు మోటారు ఖర్చు, కమిటీకి తెలుసు, సభ్యులందరికీ తెలుసు’ అని. అందులో ప్రతి మాటా నిజమే కావచ్చు. కానీ ఆడిటర్‌కు నిజం తెలియడం చాలదు, దాన్ని తన ఫైల్లో పెట్టుకోగలగాలి. రేపు ఇంకొకరు ఆ ఫైలు తెరిస్తే ఎవరినీ అడగకుండా అదే నిర్ణయానికి రావాలి. అందుకే మాట కాదు, కాగితం. ఆ కాగితంలోనూ సంఘం తనకు తాను రాసుకున్నదాని కంటే బయటివాళ్ల దగ్గర పుట్టినదానికి బరువెక్కువ. చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ ఐసీఏఐ ప్రమాణాల్లో ఎస్‌ఏ 500 చెప్పేది ఇదే: స్వతంత్రమైన బయటి మూలం నుంచి వచ్చిన ఆధారం సాధారణంగా ఎక్కువ నమ్మదగినది, నకలు కంటే అసలు నమ్మదగినది. సెక్రటరీ సంతకంతో ఉన్న ఓచర్ ఈ లెక్కన అన్నిటికంటే కింది మెట్టు. డబ్బు తీసుకున్న మనిషే రాసుకున్న కాగితం కదా.

కొత్త సెక్రటరీ పాత సెక్రటరీతో, ట్రెజరర్‌తో కూర్చుని ఆరా తీస్తే బయటపడిన సంగతి ఇదీ. 2024 మే 11, శనివారం రాత్రి బోరు మోటారు కాలిపోయింది. సోమవారం, 13వ తేదీ, తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ పోలింగ్. ట్రెజరర్ ఓటు వేయడానికి అప్పటికే ఊరెళ్లిపోయారు. సంఘం ఖాతా నుంచి డబ్బు తీయాలంటే చెక్కు మీద రెండు సంతకాలు ఉండాలి. ఎండాకాలం, నలభై ఇళ్లకు నీళ్లు లేవు. సెక్రటరీ ఆదివారం తన జేబులోంచి మోటారు, కేబుల్ కొన్నారు, మెకానిక్‌ను పెట్టి దింపించారు. తర్వాత సంఘం ఆ డబ్బు ఆయనకు తిరిగి ఇచ్చింది.

కథ తేలిగ్గానే అర్థమవుతుంది. చిక్కు కాగితాల్లో ఉంది. దుకాణం బిల్లు 14వ తేదీది, డబ్బు కట్టింది 12న. బిల్లు మొత్తం రూ.83,780, చెక్కు రూ.92,280. మిగిలిన రూ.8,500 పాత మోటారు పైకి లాగి కొత్తది దింపిన మెకానిక్ బృందానికి నగదుగా ఇచ్చారు. రశీదు లేదు. పైగా సంఘం నిబంధనల ప్రకారం రూ.25,000 దాటిన ఖర్చుకు కమిటీ ముందస్తు ఆమోదం కావాలి. కమిటీ సమావేశం జరిగింది మే 19న.

మంచి జవాబుకూ మామూలు జవాబుకూ తేడా ఇక్కడే తెలుస్తుంది. మామూలు జవాబు ఈ మూడు అతుకులనూ దాచిపెట్టి ఆడిటర్ చూడకపోతే బాగుండునని ఆశిస్తుంది. ఆయన చూస్తారు. బిల్లు తేదీనీ చెల్లింపు తేదీనీ పక్కపక్కన పెట్టడం ఆ వృత్తిలో మొదటి పని. డబ్బు ముందు, బిల్లు తర్వాత అని కనిపించగానే మరో ప్రశ్న, దానికి మరో జవాబు, ఇంకో పదిహేను రోజులు. అందుకే వరస తప్పిన ప్రతి చోటునూ మనమే ముందుగా చూపించి, కారణం అక్కడే రాయాలి.

జవాబు మొదటి వాక్యంలోనే అసలు సమాధానం ఉండాలి. నేపథ్యంతో మొదలుపెడితే చదివేవారు అసలు సంగతి కోసం వెతుక్కోవాలి. ఈ కేసులో ఉత్తరం ఇలా ఉంటే చాలు:

‘మీ 9–6–2025 జాబితాలోని 7వ ప్రశ్నకు జవాబు. రూ.92,280 అప్పటి సెక్రటరీ బోరు మోటారు మార్పిడికి 12–5–2024న సొంత డబ్బుతో చేసిన ఖర్చు. సంఘం దాన్ని 27–5–2024న ఆయనకు తిరిగి చెల్లించింది. ఇందులో రూ.83,780కి దుకాణం బిల్లు, బ్యాంకు ఆధారం ఉన్నాయి. రూ.8,500కి ఆ రోజు రశీదు తీసుకోలేదు.

11–5–2024: రాత్రి మోటారు కాలిపోయింది. కమిటీ వాట్సాప్ గ్రూపులో ఆ రాత్రి సందేశాలు (అనుబంధం 1).

12–5–2024: మోటారు, కేబుల్ కొనుగోలు. సెక్రటరీ ఖాతా నుంచి దుకాణానికి యూపీఐ ద్వారా రూ.83,780, ఆయన బ్యాంకు స్టేట్‌మెంట్ పేజీ (అనుబంధం 2). ఉదయం మెకానిక్ బృందం రాక, రాత్రి పోక: వాచ్‌మన్ గేటు రిజిస్టరు (అనుబంధం 3). కూలి రూ.8,500 నగదు.

14–5–2024: దుకాణం జీఎస్టీ బిల్లు (అనుబంధం 4). ఆదివారం కచ్చా చీటీ మాత్రమే ఇచ్చి, పోలింగ్ సెలవు తర్వాత బిల్లు ఇచ్చారు. అందుకే బిల్లు తేదీ చెల్లింపు తర్వాత ఉంది.

19–5–2024: కమిటీ సమావేశం. ఖర్చును ఆమోదించి, తిరిగి చెల్లించాలని తీర్మానం. మినిట్స్ బుక్ పేజీ (అనుబంధం 5). నిబంధనల ప్రకారం ముందస్తు ఆమోదం తీసుకోలేదు.

27–5–2024: చెక్కు జమ, సంఘం స్టేట్‌మెంట్ (అనుబంధం 6).’

ఇంతే. ఇందులో ‘నిజాయితీగా’, ‘సదుద్దేశంతో’ లాంటి మాటలు లేవు. వాటివల్ల ఏదీ రుజువు కాదు. ప్రతి తేదీ పక్కన ఒక కాగితం ఉంది, కాగితం లేని చోట లేదని ఉంది.

కాగితాల్లో అన్నిటికంటే విలువైనది రెండో అనుబంధం. యూపీఐ యాప్‌లో ఫోటో తీసిన తెర కంటే బ్యాంకు ఇచ్చే స్టేట్‌మెంట్ మేలు. అందులో ఖాతాదారు పేరు, తేదీ, మొత్తం, యూపీఐ లావాదేవీ నంబరు ఒకే చోట ఉంటాయి. సొంత ఖాతా వివరాలు బయటపెట్టడానికి పాత సెక్రటరీ ఇబ్బంది పడవచ్చు, అది న్యాయమే. మిగతా లావాదేవీలు కనబడకుండా మూసి ఆ ఒక్క వరుస, పైన పేరు కనిపించేలా నకలు ఇచ్చి, అసలు పేజీని ఆడిటర్‌కు ఎదురుగా చూపిస్తే సరిపోతుంది. ఈ కాగితం అన్నిటికంటే ముఖ్యమైన అనుమానాన్ని తీరుస్తుంది: డబ్బు ముందు ఆయన చేతి నుంచి పోయింది, తర్వాతే ఆయన చేతికి వచ్చింది.

బిల్లు విషయంలోనూ ఒక పని ముందే చేసుకోవాలి. దుకాణం జీఎస్టీ నంబరును జీఎస్టీ పోర్టల్‌లో కొట్టి చూస్తే ఆ పేరు, దాని స్థితి ఎవరికైనా కనిపిస్తాయి. యూపీఐలో డబ్బు అందుకున్న పేరు, బిల్లు మీది పేరు ఒకటేనా? దుకాణాల్లో యజమాని సొంత పేరుతో క్యూఆర్ కోడ్ పెట్టుకోవడం మామూలే. వేరుగా ఉంటే దుకాణం నుంచి ఒక వాక్యం రాయించి జతచేయాలి. మోటారు సీరియల్ నంబరు బిల్లు మీదా వారంటీ కార్డు మీదా ఒకటే అయి ఉండాలి. మోటారు కొన్ని వందల అడుగుల లోతులో ఉంది, ఎవరూ దిగి చూడలేరు. ఆ నంబరే దానికి సాక్షి.

అనుభవం ఉన్న ఆడిటర్ దీని తర్వాత తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: కాలిపోయిన పాత మోటారు ఏమైంది? దానిలో రాగి ఉంటుంది, తుక్కు వాడికి అమ్మితే డబ్బు వస్తుంది. అమ్మితే ఆ డబ్బు సంఘం జమల్లో కనబడాలి. దుకాణం పాతది తీసుకుని ధర తగ్గిస్తే బిల్లులో ఆ తగ్గింపు ఉండాలి. మన ఉదాహరణలో అది సెల్లార్‌లో జనరేటర్ పక్కన పడి ఉంది. ఫోటో తీసి, తీసిన తేదీ వేసి, ‘అమ్మలేదు, సెల్లార్‌లో ఉంది’ అని అడగకముందే ఉత్తరంలో ఒక వాక్యం కలపాలి.

ఇక ఆ రూ.8,500. ఇక్కడే మంచివాళ్లు కూడా జారిపోతారు. మెకానిక్ తెలిసినవాడే, ఇప్పుడు పిలిచినా వచ్చి సంతకం పెడతాడు. ‘12–5–2024’ అని తేదీ వేసి ఒక రశీదు రాయించుకుంటే పని అయిపోతుందని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. ఆ పని చేయకూడదు. అసలు ఖర్చు నిజమైనదే అయినా పాత తేదీ వేసిన రశీదు అబద్ధపు పత్రం. ఇలాంటివి దొరికిపోతాయి కూడా. 2025లో అచ్చయిన రశీదు పుస్తకంలో 2024 తేదీ ఉంటుంది, వరస నంబరు ముందూ వెనకా ఉన్నవాటితో కుదరదు, ఏడాది పాతదన్న కాగితం నిన్న కొన్నట్టు తెల్లగా ఉంటుంది. ఒక్క రశీదు అలా తేలితే రూ.83,780కి పెట్టిన గట్టి ఆధారాలను కూడా ఆడిటర్ మళ్లీ మొదటి నుంచి అనుమానంతో చూస్తారు. అలా చూడటం ఆయన బాధ్యత.

చేయదగినది వేరే ఉంది. మెకానిక్ చేత ఈ రోజు తేదీతోనే రాయించుకోవాలి: ‘2024 మే 12న ఈ అపార్టుమెంటులో పాత మోటారు తీసి కొత్తది దింపినందుకు రూ.8,500 నగదు అందుకున్నాను. ఆ రోజు రశీదు ఇవ్వలేదు. ఈ ధ్రువీకరణ 2025 జూన్ 18న ఇస్తున్నాను.’ కింద సంతకం, ఫోన్ నంబరు. ఇది రశీదుతో సమానం కాదు. కానీ గేటు రిజిస్టరులో అతని బృందం వచ్చిన వేళ, వెళ్లిన వేళ ఉన్నాయి. వాచ్‌మన్‌కు ఆ రోజు ఈ డబ్బు గొడవ తెలియదు, తన పనిగా రాసుకున్నాడు. ఈ రెండూ కలిస్తే పని జరిగిందని తేలుతుంది. సరిగ్గా రూ.8,500 చేతులు మారిందని మాత్రం తేలదు.

ముందస్తు ఆమోదం సంగతీ అంతే. తర్వాత చేసిన తీర్మానం ఖర్చును ఒప్పుకుంటుందే గానీ, అది ముందు తీసుకున్న అనుమతి అయిపోదు. అలా అని మినిట్స్ బుక్‌లో రెండు పేజీల మధ్య ఖాళీలో 11వ తేదీ సమావేశం ఒకటి ఇరికించడం పాత తేదీ రశీదు లాంటిదే. ‘నిబంధన పాటించలేదు, కారణం ఇది, అత్యవసర ఖర్చుకు వేరే పరిమితి పెట్టాలని వచ్చే సర్వసభ్య సమావేశంలో ప్రతిపాదిస్తాం’ అని రాస్తే అది జవాబు.

ఇలా రాసినా ప్రతి ప్రశ్నా పూర్తిగా మాసిపోతుందని ఆశపడకూడదు. మన ఉదాహరణలో రూ.83,780 మీద ఆడిటర్ ఇంకేమీ అడగరు. రూ.8,500కు రశీదు లేదనీ, పరిమితి దాటిన ఖర్చుకు ముందస్తు ఆమోదం లేదనీ నివేదికలో రెండు వాక్యాలు రాస్తారు. వాటిని తీయించడానికి ఆయన చుట్టూ తిరగకండి. ఆ రెండూ నిజాలే, ఫ్లాటు యజమానులకు తెలియాల్సినవే.