కొమ్మ మీద 5/9 ఎందుకుంది?

నోటుపుస్తకం పేజీకి ఫోన్‌తో తీసిన ఫొటో ఒకటి ఊహించుకోండి. పెన్సిల్‌తో గీసిన ట్రీ డయాగ్రం. ఎడమ వైపు ఒక చుక్క, దాని నుంచి రెండు కొమ్మలు: పై కొమ్మ మీద ‘ఎరుపు 3/5’, కింది దాని మీద ‘నీలం 2/5’. ఒక్కో కొమ్మ చివర మళ్లీ రెండేసి కొమ్మలు. పై జంట మీద 5/9, 4/9 ఉన్నాయి. కింది జంట మీద 2/3, 1/3 ఉన్నాయి. ప్రశ్న రాసిన పైభాగం మాత్రం ఫొటోలోకి రాలేదు. సంచిలోంచి ఒకదాని తర్వాత ఒకటిగా రెండు బంతులు తీశారనీ, రెండూ ఎర్రవే అయ్యే సంభావ్యత కావాలనీ మాత్రమే మనకు తెలుసు.

జవాబు రాబట్టడానికి ఒక్క గుణకారం చాలు. మొదటి బంతి ఎరుపు, రెండోదీ ఎరుపు అనే దారి పై అంచు వెంబడి పోతుంది. ఆ దారిలో ఉన్న రెండు భిన్నాలను గుణిస్తే 3/5 × 5/9 = 15/45, అంటే 1/3. కానీ అక్కడితో ఫొటో పక్కన పెట్టేస్తే అసలు సంగతి తప్పిపోతుంది. 3/5 అంటే అయిదు బంతుల్లో మూడు ఎర్రవని ఎవరికైనా తోస్తుంది. అందులోంచి ఒక ఎర్ర బంతి తీసేస్తే మిగిలేది నాలుగు, వాటిలో ఎర్రవి రెండు. రెండో కొమ్మ మీద 2/4 ఉండాలి కదా, 5/9 ఎందుకుంది?

గీసినవాళ్లు మొదటి భిన్నాన్ని సూక్ష్మరూపంలోకి కుదించి రాశారు, అందుకు. రెండో వరుస హారం 9 కాబట్టి ఒక బంతి తీశాక తొమ్మిది మిగిలాయి, మొదట పది ఉన్నాయి. పదిలో 3/5 వంతు అంటే ఆరు ఎర్రవి, నాలుగు నీలం. ఒక ఎర్రది బయటికి వస్తే తొమ్మిదింట్లో అయిదు ఎర్రవి: 5/9. మొదట నీలం బంతి వచ్చి ఉంటే ఎర్రవి ఆరూ అలాగే ఉంటాయి, తొమ్మిదింట ఆరు, కుదిస్తే 2/3. ఫొటోలో ఉన్న అంకెలన్నీ ఇప్పుడు ఒకదానితో ఒకటి పొసగాయి. అయితే 5/9 కూడా కుదించిన భిన్నమే అయితే? 20 బంతులు ఉన్నాయనుకుని చూడండి. అందులో 12 ఎర్రవి, ఒకటి తీశాక 11/19 అవుతుంది తప్ప 5/9 కాదు. మొత్తం బంతులను n అనుకుని సమీకరణం రాస్తే ఒక్క జవాబే వస్తుంది:

(3n/5 − 1)/(n − 1) = 5/9, కాబట్టి n = 10.

అంటే కత్తిరించుకుపోయిన ప్రశ్నను ఈ రెండు భిన్నాలే తిరిగి చెప్పేశాయి.

కొమ్మల మీది భిన్నాలను గుణించాలని బడిలో నేర్పుతారు, ఎందుకు గుణించాలో మాత్రం చాలామందికి స్పష్టంగా తెలియదు. పది బంతుల మీదా 1 నుంచి 10 దాకా అంకెలు వేశామనుకోండి. మొదటి బంతిని పది విధాలుగా తీయవచ్చు, దాని తర్వాత రెండోదాన్ని తొమ్మిది విధాలుగా. మొత్తం 90 జతలు, ఏ జతకైనా సమాన అవకాశమే. వీటిలో ఎరుపుతో మొదలయ్యేవి 6 × 9 = 54. అది 90లో సరిగ్గా 3/5 వంతు. ఆ 54లో రెండోది కూడా ఎరుపైనవి 6 × 5 = 30, అంటే 54లో 5/9 వంతు. మొత్తంలో 3/5 వంతు తీసుకుని, ఆ వంతులో మళ్లీ 5/9 వంతు తీసుకున్నాం. వంతులో వంతు తీసుకోవడమే గుణకారం. రెండో భిన్నం మొత్తం 90 జతల గురించి మాట్లాడదు, ఎరుపుతో మొదలైన 54 గురించే మాట్లాడుతుంది. అందుకే దాన్ని మొదటి కొమ్మ చివర నుంచి గీస్తాం.

మొదటి బంతిని తిరిగి సంచిలో వేశారా లేదా అన్నది కూడా ఫొటోలోనే తెలిసిపోతుంది. తిరిగి వేస్తే రెండో వరుసలో పైనా కిందా మళ్లీ 3/5, 2/5 కనిపించేవి, జవాబు 9/25 అయ్యేది. అది 0.36, మన జవాబు దాదాపు 0.333. తేడా ఇంత చిన్నది కాబట్టే ఈ పొరపాటు చేసినవాళ్లకు జవాబు చూసి అనుమానం రాదు. షరతు స్పష్టంగా చెప్పకపోతే ఎంత చిక్కో గణిత చరిత్రలోనే కనిపిస్తుంది. డచ్చి శాస్త్రవేత్త క్రిస్టియాన్ హైగెన్స్ 1657లో అచ్చయిన తన జూద గణిత గ్రంథం చివర ఇచ్చిన లెక్కల్లో ఒకటి ఇలాంటిదే: నాలుగు తెల్లవి, ఎనిమిది నల్లవి, మొత్తం పన్నెండు బిళ్లలు. ముగ్గురు కళ్లు మూసుకుని వంతులవారీగా తీస్తారు, ముందు తెల్లది తీసినవాడు గెలుస్తాడు. తీసిన బిళ్లను తిరిగి వేస్తారో లేదో ఆయన చెప్పలేదు. 1713లో వెలువడిన యాకోబ్ బెర్నూలీ గ్రంథంలో ఆ ఒక్క లెక్కకు మూడు అర్థాలు తీసి, మూడింటికీ వేరువేరు జవాబులు కట్టారు: తిరిగి వేస్తే ఒకటి, వేయకపోతే ఒకటి, ముగ్గురికీ ఎవరి పన్నెండు వారికి విడిగా ఉంటే ఒకటి. హైగెన్స్ ఒక ట్రీ డయాగ్రం గీసి ఉంటే, అందులో రెండో, నాలుగో వరుసల హారాలు చూసి సందేహం తీర్చుకునేవాళ్లు.

చేతిరాత ఫొటోల్లో ఇంకో ఇబ్బంది ఉంది. పెన్సిల్ గీత మసకబారితే 9 తల మూసుకోక 4లా కనబడుతుంది, 5/9 కాస్తా 5/4 అవుతుంది. ఒకటి కన్నా పెద్ద సంభావ్యత ఉండదు కాబట్టి ఇది వెంటనే దొరికిపోతుంది. 5/7లా కనబడితే అంత సులువుగా దొరకదు. అప్పుడు జంట కొమ్మ వైపు చూడాలి: ఒకే చుక్క నుంచి బయల్దేరిన కొమ్మల మీది భిన్నాల మొత్తం ఎప్పుడూ 1. జంట మీద 4/9 ఉంది కాబట్టి ఇది 5/9 అయి తీరాలి. నేను ఎక్కువగా నమ్మే పరీక్ష ఇంకొకటి ఉంది. మధ్యలోని రెండు దారులు, అంటే ఎరుపు తర్వాత నీలం, నీలం తర్వాత ఎరుపు, సమానంగా రావాలి. 3/5 × 4/9 = 4/15, 2/5 × 2/3 = 4/15. రెండు వేర్వేరు కొమ్మల మీది అంకెలు ఒకేచోటికి వచ్చాయంటే మనం వాటిని సరిగ్గా చదివినట్టే.

పై జంట మీద నీటిచుక్క పడి రెండు అంకెలూ చెరిగిపోయాయనుకోండి. కింద 2/3 మిగిలి ఉంటే చాలు. నీలం తీశాక ఎర్రవి తగ్గవు కాబట్టి 3n/5 బంతులు n − 1లో 2/3 వంతు. మళ్లీ n = 10 వస్తుంది, అక్కడి నుంచి 5/9 మనమే రాసుకోవచ్చు. రెండో వరుస మొత్తం పోతే మాత్రం దారి లేదు. మిగిలిన 3/5 ఒక్కటే బంతులు ఎన్నో చెప్పలేదు. అయిదు బంతులైతే జవాబు 0.30, పది అయితే 0.333, ఇరవై అయితే దాదాపు 0.347. బంతులు పెరిగేకొద్దీ జవాబు 0.36కి దగ్గరవుతుందే గాని దాన్ని అందుకోదు.